పట్టికలో ఆకుపచ్చను ఎప్పుడు నమ్మాలి?

నలుగురైదుగురు కలిసి చేసే ఏ పనికైనా ఇప్పుడు ఒక పట్టిక ఉంటోంది. పని పేరు, ఎవరు చేస్తారు, ఎప్పటికి కావాలి, ఎంతవరకు వచ్చింది. ఆ చివరి గడికి ఒక రంగు: సవ్యంగా సాగుతుంటే ఆకుపచ్చ, అనుమానంగా ఉంటే పసుపు, చిక్కులో పడితే ఎరుపు. గూగుల్ షీట్స్‌లో అరగంట కూర్చుంటే తయారైపోతుంది. మొదటి వారం అందరూ తెరిచి చూస్తారు. మూడో వారానికి దాన్ని తెరిచేది తయారుచేసిన మనిషి ఒక్కరే. గడువుకు నాలుగు రోజుల ముందు వరకూ అన్నీ ఆకుపచ్చగానే కనిపిస్తాయి, ఆ తర్వాత ఒక్కసారిగా సగం పట్టిక ఎర్రబడుతుంది.

ప్రాజెక్టులు నడిపేవాళ్లు దీన్ని పుచ్చకాయ పట్టిక అంటారు. పైకి పచ్చగా ఉంటుంది, కోస్తే లోపలంతా ఎరుపే. ఇలా జరగడానికి కారణం మనుషుల అబద్ధాలని నేను అనుకోను. రంగు వేయమని మనం అడిగే పద్ధతిలోనే లోపం ఉంది. పని చేస్తున్న మనిషినే పిలిచి "నీ పనికి ఏ రంగు వేయమంటావు?" అంటే, ఆ జవాబులో పని ఎంత ఉందో, ఆ మనిషి ధైర్యమూ మొహమాటమూ అంతే ఉంటాయి. కాబట్టి రంగును మనిషి వేయకూడదు, లెక్క వేయాలి. మనిషి చెప్పాల్సింది ఒక్క అంకె మాత్రమే. అది ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక చిన్న ప్రచురణ సంస్థ ఉందనుకోండి. మొత్తం ఐదుగురు. ఒక సంపాదకురాలు, డీటీపీ చేసే అమ్మాయి, ప్రూఫులు దిద్దే రిటైర్డ్ తెలుగు మాస్టారు, ముఖచిత్రం వేసే ఆర్టిస్టు, కాగితం కొనుగోలూ ప్రెస్సూ చూసుకునే ఆయన. ఏటా కొత్త సంవత్సరం మొదట్లో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి వాళ్లు ఒక కొత్త పుస్తకం తేవాలి. డెమ్మీ 1/8 సైజు, 192 పేజీలు, 1000 కాపీలు. 2025 డిసెంబర్ 30 మంగళవారం నాటికి కట్టలు స్టాలుకు చేరాలి. ఆ తేదీ కదలదు. ఉత్సవం అయిపోయాక వచ్చిన పుస్తకానికి ఆ పాఠకులు మళ్లీ దొరకరు.

కదలని తేదీ ఉన్నప్పుడు గడువులను చివరి నుంచి వెనక్కి లెక్కించాలి. బైండింగ్ 27 శనివారానికి అయిపోవాలి, అప్పుడు రవాణాకి కాస్త సందు మిగులుతుంది. మధ్యలో 25న క్రిస్మస్ సెలవు. కాబట్టి లోపలి పేజీల ముద్రణ 20వ తేదీకి ముగియాలి. అంటే పుస్తకం ఫైళ్లు 15 సోమవారానికి ప్రెస్సులో ఉండాలి. దానికి ముందు మూడో ప్రూఫు, ఆఖరి దిద్దుబాట్లు. దానికీ ముందు రెండో ప్రూఫు 6వ తేదీ శనివారానికి. ఇలా వెనక్కి వస్తే ప్రతి గడువుకీ ఒక కారణం ఉంటుంది. ముందు నుంచి లెక్కేసిన పట్టికల్లో ఈ కారణం ఉండదు. చాలా పట్టికల్లో నాలుగైదు పనులకు ఒకే గడువు, నెలాఖరు తేదీ, కనిపిస్తుంది. అలా కనిపించిందంటే ఆ తేదీలను ఎవరూ లెక్కించలేదనే అర్థం.

ఇక పని పేరు. "ముఖచిత్రం" అని రాస్తే అది పని కాదు. ఆర్టిస్టు దృష్టిలో బొమ్మ వేసి వాట్సాప్‌లో పంపిన రోజే ముఖచిత్రం అయిపోయింది. ప్రెస్సు చూసే ఆయన దృష్టిలో అది మొదలే కాలేదు, ఎందుకంటే వెనక అట్ట మీద బార్‌కోడ్ లేదు, వెన్ను కొలత వేయలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గడిలో "వెన్ను, బార్‌కోడ్‌తో సహా ముఖచిత్రం ఫైలు ప్రెస్సుకు చేరి, వాళ్లు సరే అనడం" అని రాస్తే తగువుండదు. అయిందా అని అడిగితే అవును, కాదు అనే రెండు జవాబులే వచ్చేలా పని పేరు ఉండాలి. "అయిపోవచ్చింది" అనే మాటకు అక్కడ చోటుండకూడదు.

ఈ వెన్ను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పట్టికలో "ముందు కావాల్సినవి" అనే నిలువు వరస ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. వెన్ను మందం పేజీల సంఖ్య మీద, కాగితం మందం మీద ఆధారపడుతుంది. 192 పేజీలంటే 96 ఆకులు. 70 జీఎస్ఎం మ్యాప్‌లితో మీద వేస్తే వెన్ను రమారమి 9 మిల్లీమీటర్లు వస్తుంది. ముందుమాట రాసే పెద్దాయన నాలుగు పేజీలిస్తానని పది పేజీలిస్తే లెక్కంతా మారుతుంది. పుస్తకం 16 పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. 192 అంటే సరిగ్గా 12 ఫారాలు. ఆరు పేజీలు పెరిగితే 13వ ఫారంలోకి వెళ్లాలి. ఫారానికి కాపీకి ఒక షీటు చొప్పున 1000 కాపీలకు వెయ్యి షీట్లు, అంటే తరుగు కాక మరో రెండు రీములు. కాబట్టి ముఖచిత్రానికీ, కాగితం కొనుగోలుకూ ముందు కావాల్సినది ముందుమాట. బయటివాళ్లకు ఈ మూడింటికీ సంబంధం ఉందని తట్టనే తట్టదు.

బార్‌కోడ్‌కు ఐఎస్‌బీఎన్ కావాలి. మన దేశంలో ఆ నంబరును ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, డబ్బు కట్టనక్కర్లేదు, కానీ ఎప్పుడొస్తుందన్నది మన చేతిలో ఉండదు. ఇలాంటి పనికి బాధ్యులుగా ఎవరి పేరు రాయాలి? చాలామంది "ఏజెన్సీ" అని రాస్తారు. ముందుమాటకు ఎదురుగా రచయిత పేరు రాస్తారు. ఆ ఇద్దరూ మన సోమవారం సమావేశానికి రారు, మన పట్టిక చూడరు. బాధ్యులు అంటే ఆ పని చేసేవాళ్లు కాదు, అది అయ్యేలా చూసేవాళ్లు. ఐఎస్‌బీఎన్ ఎదురుగా డీటీపీ అమ్మాయి పేరుండాలి, ముందుమాట ఎదురుగా సంపాదకురాలి పేరుండాలి. అదీ ఒక్క పేరే. రెండు పేర్లు రాసిన పనిని ఆ ఇద్దరూ రెండోవాళ్లు చూసుకుంటున్నారనే నమ్మకంతో వదిలేస్తారు. "అందరూ" అని రాసిన గడిని ఖాళీ గడిగానే లెక్కించాలి.

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. షీటులో A నుంచి I వరకు తొమ్మిది నిలువు వరసలు పెట్టుకోండి: పని, బాధ్యులు, ముందు కావాల్సినవి, మొదటి గడువు, గడువు, పూర్తయిన తేదీ, ఇంకా పట్టే రోజులు, వెసులుబాటు, రంగు. ఇందులో బాధ్యులు వారం వారం నింపాల్సింది G ఒక్కటే, ఇంకా ఎన్ని పనిరోజులు పడుతుంది అని. పని అయిపోతే F లో తేదీ వేస్తారు. H, I గడులను ఎవరూ ముట్టుకోరు. H2 లో ఈ సూత్రం:

```
=NETWORKDAYS.INTL(TODAY(),E2,11,$L$2:$L$5)-G2
```

ఈరోజు నుంచి గడువు దాకా, రెండు రోజుల్నీ కలుపుకుని, ఎన్ని పనిరోజులున్నాయో లెక్కించి అందులోంచి ఇంకా పట్టే రోజులను తీసేస్తుంది. 11 అంటే ఆదివారం ఒక్కటే సెలవు అని. అది లేకుండా రాస్తే శనివారాలను కూడా సెలవుగా లెక్కిస్తుంది, మన ప్రెస్సులేమో శనివారం నడుస్తాయి. L నిలువు వరసలో పండగ సెలవుల తేదీలు రాసుకోవాలి, మన ఉదాహరణలో అక్కడ డిసెంబర్ 25 ఉంటుంది. తర్వాత I2 లో:

```
=IF(F2<>"","పూర్తి",IF(H2<0,"ఎరుపు",
 IF(H2<=2,"పసుపు","ఆకుపచ్చ")))
```

వెసులుబాటు సున్నా కన్నా తగ్గితే ఎరుపు, రెండు రోజుల లోపు ఉంటే పసుపు, అంతకు మించితే ఆకుపచ్చ. గడికి నిజంగా రంగు పూయడానికి Format మెనూలో Conditional formatting తెరిచి, Custom formula is అన్న చోట ఎరుపు కోసం `=$I2="ఎరుపు"` అని రాసి రంగు ఎంచుకోవాలి. మిగతావాటికీ అంతే. రంగుతో పాటు మాట కూడా ఉంచాలని నేను పట్టుబడతాను. ఎరుపూ ఆకుపచ్చా వేరుగా కనిపించని మనుషులున్నారు, మగవాళ్లలో మరీ ఎక్కువ. పైగా ఈ పట్టికను నలుపు తెలుపులో ప్రింటు తీసి గోడకు అంటిస్తే రంగులన్నీ ఒకే బూడిద రంగుగా వస్తాయి.

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో రెండో ప్రూఫు వరసలో చూద్దాం. మాస్టారు రోజుకు 20 పేజీలు దిద్దుతారు. నవంబర్ 26 బుధవారం మొదలుపెట్టి శనివారానికి 80 పేజీలు చేశారు. డిసెంబర్ 1 సోమవారం సమావేశంలో సంపాదకురాలు అడుగుతుంది.

"మాస్టారూ, రెండో ప్రూఫు ఎంతదాకా వచ్చిందండీ?"

"అయిపోవచ్చిందమ్మా. ఈ వారంలో ఇచ్చేస్తాను."

"ఇంకా ఎన్ని పేజీలున్నాయండీ?"

"నూట పన్నెండు."

"రోజుకు ఇరవై చొప్పున ఆరు రోజులు. ఆరు అని వేయనా?"

"వెయ్యమ్మా."

సోమవారం నుంచి శనివారం దాకా ఆరు పనిరోజులు. ఆరులోంచి ఆరు పోతే సున్నా. గడి పసుపు రంగులోకి మారింది. మాస్టారు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు, ఆ వారంలోనే ఇచ్చేయగలరు కూడా. కానీ రంగు ఆయన్ను అడిగి వేసుంటే ఆకుపచ్చ పడేది. ఒక్క రోజు జ్వరమొస్తే గడువు దాటిపోతుందన్న సంగతి "అయిపోవచ్చింది" అన్న మాటలో కనిపించదు, సున్నాలో కనిపిస్తుంది.

సోమ, మంగళవారాల్లో మాస్టారి ఇంటికి చుట్టాలొచ్చారు, ప్రూఫులు ముట్టుకోవడం కుదరలేదు. పట్టిక తెరిచి ఏమీ మార్చనూ లేదు. బుధవారం పొద్దున షీటు ఇలా ఉంది:

| పని | బాధ్యులు | గడువు | పట్టే రోజులు | వెసులుబాటు | రంగు |
|---|---|---|---|---|---|
| ముందుమాట చేతికి | సంపాదకురాలు | 29 నవంబర్ | | | పూర్తి |
| ఐఎస్‌బీఎన్ నంబరు | డీటీపీ | 5 డిసెంబర్ | 1 | 2 | పసుపు |
| రెండో ప్రూఫు | మాస్టారు | 6 డిసెంబర్ | 6 | -2 | ఎరుపు |
| ముఖచిత్రం ఫైలు | ఆర్టిస్టు | 10 డిసెంబర్ | 3 | 4 | ఆకుపచ్చ |
| కాగితం కొనడం | ముద్రణ | 13 డిసెంబర్ | 2 | 8 | ఆకుపచ్చ |
| ఫైళ్లు ప్రెస్సుకు | డీటీపీ | 15 డిసెంబర్ | 11 | 0 | పసుపు |

మాస్టారు ఏమీ చెప్పకపోయినా ఆయన వరస ఎర్రబడింది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. చేత్తో వేసిన ఆకుపచ్చ, వేసిన మనిషి మరిచిపోయినా ఆకుపచ్చగానే ఉండిపోతుంది. లెక్క వేసే పట్టికలో రోజులు గడిచేకొద్దీ వెసులుబాటు దానంతటదే కరిగిపోతుంది. మౌనంగా ఉంటే రంగు ముదురుతుంది. పని నిజంగా జరుగుతూ ఉంటే బాధ్యులే వచ్చి G అంకెను తగ్గిస్తారు, ఎందుకంటే చేసిన పనికి ఎరుపు పడటం ఎవరికీ ఇష్టం ఉండదు.

పైగా అంకె ఉంటే మందు కూడా అంకెలోనే దొరుకుతుంది. మిగిలింది నాలుగు పనిరోజులు, మాస్టారు చేయగలిగింది 80 పేజీలు, ఉన్నవి 112. తేడా 32, అంటే సరిగ్గా రెండు ఫారాలు. 161 నుంచి 192 దాకా సంపాదకురాలు తీసుకుంది. పట్టికలో ఆ వరసను రెండు వరసలుగా విడగొట్టి, రెండో దానికి తన పేరు రాసుకుంది, ఒకే వరసలో రెండు పేర్లు పెట్టలేదు. మాస్టారి వరస మళ్లీ పసుపు, వెసులుబాటు సున్నా. కింద "ఫైళ్లు ప్రెస్సుకు" వరసలో 11 కాస్తా 9 అయింది.

ఆ ఆఖరి వరసలో 11 ఎలా వచ్చిందో గమనించారా? ఫైళ్లు తయారుచేయడం డీటీపీ అమ్మాయికి ఒక పూట పని. కానీ రెండో ప్రూఫు రావడానికి ఆరు రోజులు, ఆ తర్వాత దిద్దుబాట్లకూ మూడో ప్రూఫుకూ ఐదు. వేరే పని మీద ఆధారపడిన పనికి G లో తన రోజులే కాకుండా ఎదురుచూసే రోజులు కూడా కలపాలి. ఇది మరిచి అక్కడ 1 అని వేస్తే, పైన రెండో ప్రూఫు ఎర్రగా మండుతున్నా కింద ఫైళ్ల వరస ఆకుపచ్చగా, వెసులుబాటు పదితో హాయిగా ఉంటుంది. ఈ సూత్రానికి ఉన్న పెద్ద హద్దు ఇదే. C లో ఏం రాశారో దానికి అర్థం కాదు. అందుకే ఏ వరస ఎర్రబడినా, దాని పేరు C లో ఉన్న వరసలన్నీ వెతికి అక్కడి G మార్చాలి. ఇరవై, ముప్ఫై వరసల పట్టికకు ఇది కంటితో అయిపోతుంది. వంద వరసలు దాటితే ఈ చిన్న షీటు చాలదు, పనుల మధ్య సంబంధాలను తానే లెక్కించే సాఫ్ట్‌వేర్ కావాలి.

ఎరుపు పడ్డప్పుడు ఆ గదిలో ఏం జరుగుతుందన్నదాని మీద మిగతాదంతా ఆధారపడుతుంది. దీనికి బాగా తెలిసిన కథ ఫోర్డ్ కార్ల కంపెనీది. 2006లో బోయింగ్ నుంచి వచ్చి ఆ కంపెనీ పగ్గాలు పట్టిన అలన్ ములాలీ, వారానికోసారి పెద్ద అధికారులందరినీ కూర్చోబెట్టి పనుల పరిస్థితిని ఇవే మూడు రంగుల్లో చూపమన్నాడు. మొదట్లో ప్రతి కాగితమూ ఆకుపచ్చే. ఆ ఏడాది ఫోర్డ్ నష్టం 1,200 కోట్ల డాలర్లకు పైనే. ఇంత నష్టంలో ఉన్న కంపెనీలో ఒక్క చిక్కు కూడా లేదా అని ఆయన అడగాల్సి వచ్చింది. అమెరికా ఖండాల విభాగం చూసే మార్క్ ఫీల్డ్స్ తర్వాతి రోజుల్లో ఒకసారి, కెనడాలోని ఓక్‌విల్ ఫ్యాక్టరీలో మొదలవుతున్న ఎడ్జ్ అనే కారు పనికి ఎరుపు చూపించాడు. గదిలో అందరూ అతని ఉద్యోగం పోయిందనే అనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టి, ఇతనికి ఎవరు సాయం చేయగలరని అడిగాడు. సాయం చేస్తామని మిగతావాళ్లు ముందుకొచ్చారు. తర్వాత్తర్వాత వారాల్లో అందరి కాగితాల మీదా ఎరుపూ పసుపూ కనిపించడం మొదలైంది. ఫీల్డ్స్ 2014లో ఆ కంపెనీకే అధిపతి అయ్యాడు.

ఐదుగురున్న చోట ఈ భయం ఇంకో రూపంలో ఉంటుంది. మాస్టారు వయసులో పెద్దవారు, సంపాదకురాలికి ఒకప్పుడు పాఠం చెప్పినవారు కూడా అయి ఉండొచ్చు. నలుగురి ముందు "మీది ఎరుపండీ" అనడం ఆమెకు కష్టం, వినడం ఆయనకు కష్టం. రంగును షీటు వేస్తే ఆ మాట ఎవరూ అననక్కర్లేదు. సమావేశంలో ఎర్ర వరస దగ్గర "ఎందుకు కాలేదు?" అన్న ప్రశ్న వేయకుండా "ఇక్కడ ఎవరు చేయి వేయగలరు?" అన్నదే వేస్తే చాలు. సోమవారం పావుగంట కూర్చుని ఎరుపు, పసుపు వరసలే చదవాలి. ఆకుపచ్చ వరసలు చదవడం మొదలుపెడితే అది గంట సమావేశం అవుతుంది, మరుసటి వారానికి సగం మంది రారు.

లెక్క వేసే రంగును కూడా మోసం చేసే దారి ఒకటుంది. గడువును జరపడం. 6వ తేదీని 9 చేస్తే ఎరుపు క్షణంలో పసుపు అవుతుంది. కొన్నిసార్లు జరపడం న్యాయమే, ప్రెస్సువాళ్లే రెండు రోజులు ఆలస్యంగా తీసుకుంటామంటే పైనున్న గడువులన్నీ జరగొచ్చు. కానీ జరిపినట్టు కనిపించాలి. D లో ఉండే మొదటి గడువు అందుకే. దాన్ని మొదటి రోజే రాసి, Data మెనూలోని Protect sheets and ranges తో తాళం వేసేయాలి. మార్పులన్నీ E లోనే. D కీ E కీ తేడా ఉన్న వరసలు రెండు మూడుంటే సహజం. సగానికి పైగా వరసల్లో తేడా వస్తే, కదలని ఆ డిసెంబర్ 30కి దారి ఇరుకైపోతోందని, ముద్రణ మొదలవకముందే తెలిసిపోతుంది. ఎవరు ఎప్పుడు మార్చారన్న అనుమానం వస్తే ఆ గడి మీద కుడి క్లిక్ చేసి Show edit history చూడొచ్చు. దాన్ని తగువు తీర్చడానికే వాడండి, కాపలాకి వాడితే జనం పట్టికకే దూరమవుతారు.

రెండు రోజుల పసుపు హద్దు కూడా అన్ని పనులకూ సరిపోదు. మాస్టారి ప్రూఫుల లాంటి మన చేతిలోని పనులకు రెండు చాలు. ఢిల్లీ నుంచి రావాల్సిన నంబరుకూ, పెద్దల దగ్గర్నుంచి రావాల్సిన ముందుమాటకూ రెండు రోజుల ముందు పసుపు పడితే మనం చేయగలిగిందేమీ ఉండదు. అలాంటి వరసల్లో I సూత్రంలోని 2 తీసి 5 గానీ 6 గానీ పెట్టాలి. ఒక ఫోన్ చేసి, రెండు రోజులాగి మళ్లీ గుర్తుచేసి, అప్పటికీ రాకపోతే ముందుమాట లేకుండానే 192 పేజీలు సర్దడానికి అంత సమయం కావాలి.

పుస్తకం స్టాలుకు చేరాక ఈ షీటును చెరిపేయకండి, కాపీ చేసి దాచండి. D, E, F మూడు నిలువు వరసల్లో మీ బృందం నిజమైన వేగం రాసి ఉంటుంది. మాస్టారు రోజుకు 20 పేజీలు అనుకున్నది చివరికి 17గా తేలిందనుకోండి, వచ్చే ఏడాది 192 పేజీల ప్రూఫుకు పది రోజులు కాకుండా పన్నెండు రోజులు వేస్తారు. ముందుమాట మూడు పుస్తకాల్లోనూ వారం ఆలస్యంగా వచ్చిందని కనిపిస్తే, నాలుగో పుస్తకానికి ఆ వరస గడువును అక్టోబర్ చివరికే రాసుకుంటారు.